నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీలో ఏముంది?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. మెదడులో రక్తస్రావం జరిగి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి గత వారం ఇంటికి వచ్చారు. డిశ్చార్జ్ సమ్మరీ ప్రతి పంపుతున్నాను. అందులో హైపర్‌టెన్షన్ అని ఉంది. ఆయన ఎప్పుడూ టెన్షన్ పడే మనిషి కాదు. గుండె స్కానింగ్‌లో ఇ.ఎఫ్. 60 శాతం అని ఉంది. అంటే 40 శాతం గుండె పాడైనట్టా? ఒకచోట స్టేబుల్ అని, చివర ప్రోగ్నోసిస్ గార్డెడ్ అని రాశారు. గార్డెడ్ అంటే ఇక ఆశ లేనట్టేనని మా బాబాయి అంటున్నారు. ఆ మాట విన్నప్పటినుంచి అమ్మ సరిగా తినడం లేదు. వీటికి అసలు అర్థాలేమిటో చెప్పగలరా?

సమాధానం: ముందుగా ఈ ఒక్క మాట అమ్మగారికి చెప్పండి. గార్డెడ్ అంటే ఆశ లేదని కాదు. "ఏమవుతుందో ఇప్పుడే గట్టిగా చెప్పలేం, కొన్నాళ్లు కనిపెట్టి చూడాలి" అని దాని అర్థం. పరిస్థితి నిజంగా చేయిదాటిందని చెప్పాలనుకున్నప్పుడు వైద్యులు పూర్ అనో గ్రేవ్ అనో రాస్తారు. మీ నాన్నగారి కాగితంలో ఆ మాటలు లేవు. గార్డెడ్ అని ఎందుకు రాసి ఉంటారో కింద వివరంగా చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు మిగతా కాగితం అర్థం కావాలి.

డిశ్చార్జ్ సమ్మరీని ఒక వైద్యుడు తరవాత చూడబోయే వైద్యుడి కోసం రాస్తాడు. కుటుంబానికి అర్థమయ్యేలా రాయాలన్న ఆలోచన అందులో తక్కువ. అందుకే చదివేటప్పుడు ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఇది జరిగిపోయినదాని గురించా, ఇంటికి పంపిన రోజు పరిస్థితి గురించా, ఇక ముందు జరగబోయేదాని గురించా? మీ ఇంట్లో భయం పుట్టినది ఈ మూడూ కలగలిసిపోవడం వల్లనే.

హైపర్‌టెన్షన్‌తో మొదలుపెడదాం. మనం మాట్లాడుకునే టెన్షన్ మనసుకు సంబంధించినది. వైద్యంలో ఈ మాట రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడికి సంబంధించినది. హైపర్‌టెన్షన్ అంటే అధిక రక్తపోటు, అంటే బీపీ ఎక్కువ ఉండటం. అంతే. ఎంతో నెమ్మదస్తుడికీ అధిక రక్తపోటు ఉండవచ్చు. ప్రతిదానికీ కంగారుపడే మనిషికి బీపీ మామూలుగా ఉండవచ్చు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. "ఇప్పుడు మనసు ప్రశాంతంగానే ఉంది కదా" అని మాత్రలు ఆపేసినవారిని నేను చాలామందిని చూశాను.

మీ కాగితంలో ఆ మాట ముందు డీనోవో అని ఉంది. కొత్తగా బయటపడింది అని అర్థం. కొత్తగా వచ్చింది అని మాత్రం కాదు. ఈ తేడా మీ నాన్నగారి విషయంలో ముఖ్యం. మెదడులో రక్తస్రావం జరిగిన మొదటి గంటల్లో, అంతకుముందు బీపీ లేనివారికి కూడా అది బాగా పెరుగుతుంది. కాబట్టి చేర్చుకున్నప్పటి 210/120 ఒక్కటే చూసి, ఈయనకు ఏళ్లుగా బీపీ ఉందని చెప్పలేం. మరి వైద్యులు అలా ఎందుకు నిర్ణయించారు? దానికి సాక్ష్యం మీరు భయపడిన ఆ గుండె స్కానింగ్‌లోనే ఉంది.

అందులో "కాన్సెంట్రిక్ ఎల్.వి.హెచ్." అని ఒక పంక్తి ఉంది. గుండె ఎడమ జఠరిక గోడ చుట్టూ సమానంగా మందమైందని దాని అర్థం. ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టీ నెట్టీ ఆ కండరం దళసరి అవుతుంది. ఇది పన్నెండు రోజుల్లో అయ్యే పని కాదు, ఏళ్లు పడుతుంది. అంటే ఏ తలనొప్పీ, ఏ కళ్లు తిరగడమూ లేకుండానే మీ నాన్నగారి బీపీ చాలాకాలంగా ఎక్కువగా ఉంది. ఈ జబ్బు తీరే అంత. లోపల దెబ్బతీస్తూనే పైకి ఏమీ తెలియనివ్వదు. ఆయన మామూలుగా తిరుగుతున్నప్పుడు గమనించలేకపోయామని మీరెవరూ బాధపడనక్కరలేదు. కొలిస్తే తప్ప అది కనబడదు.

ఇక ఇ.ఎఫ్. 60 శాతం. ఇది పరీక్షలో వచ్చిన మార్కులాంటిది కాదు. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఎంత భాగాన్ని ఒక్క స్పందనలో బయటికి పంపుతోందో చెప్పే లెక్క అది. 100 మిల్లీలీటర్లు నిండితే 60 బయటికి వెళ్తోంది, 40 లోపల మిగులుతోంది. ఎంత ఆరోగ్యవంతుడి గుండె అయినా పూర్తిగా ఖాళీ కాదు. సుమారు 55 నుంచి 70 వరకు మామూలే. కాబట్టి 60 అంటే గుండె రక్తాన్ని పంపే శక్తి బాగుంది. 40 శాతం ఎక్కడికీ పోలేదు. పక్కనే గ్రేడ్ వన్ డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అని కూడా ఉంది. మందమైన గోడ కొంచెం బిరుసెక్కి, రక్తం నిండేటప్పుడు వదులు కావడానికి కాస్త ఇబ్బంది పడుతోందని అర్థం. బీపీ ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. బీపీ నెలల తరబడి అదుపులో ఉంటే గోడ మందం కూడా కొంత తగ్గవచ్చు.

బీపీలో రెండంకెలు ఎందుకంటే, పై అంకె గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి, కింది అంకె గుండె వదులైనప్పటి ఒత్తిడి. ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు 140/90, అంతకు పైన వస్తుంటే దాన్ని సాధారణంగా హైపర్‌టెన్షన్ అంటారు. రెండూ పెరగనక్కరలేదు, ఏ ఒక్క అంకె పెరిగినా అదే పేరు. కానీ ఒకసారి రక్తస్రావం జరిగినవారికి ఆ గీత దగ్గర ఆగితే చాలదు. మళ్లీ జరగకుండా ఉండాలంటే బీపీని 130/80 లోపు ఉంచాలని వైద్యులు ప్రయత్నిస్తారు. మీ నాన్నగారిని పంపినప్పుడు 136/84 ఉంది. బాగా తగ్గింది, ఇంకాస్త తగ్గాలి. ఆ తగ్గుదల మాత్రలు వేసుకుంటున్నందువల్ల వచ్చిందని గుర్తుంచుకోండి. "నార్మల్ వచ్చేసింది, ఇక మాత్రలెందుకు" అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. మార్చాలన్నా, ఆపాలన్నా మీ వైద్యుడే చెప్పాలి.

ఇంట్లో బీపీ కొలవమని రాశారు కదా, ఎలాగో రాయలేదు. ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా, వీపుకు ఆనిక ఇచ్చి కూర్చోబెట్టండి. చేతిని గుండె ఎత్తులో దేనిమీదనైనా ఆనించి ఉంచాలి. ఆయనకు కుడిచెయ్యి బలహీనంగా ఉంది కాబట్టి ఎడమచేతికే కొలవండి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ తేదీతో సహా పుస్తకంలో రాయండి. ఉదయం మాత్రకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. రోజంతా కొలుస్తూ కూర్చుంటే ప్రతి చిన్న తేడాకూ ఇల్లంతా హడలిపోతుంది. వైద్యుడికి కావలసింది వారం రోజుల అంకెలు. ఒక్క పూట అంకెతో ఆయన ఏదీ తేల్చలేడు.

ఇప్పుడు అసలు జబ్బు పేరు: "అక్యూట్ లెఫ్ట్ కాప్సులో గాంగ్లియానిక్ హెమరేజ్ విత్ రైట్ హెమిపరేసిస్." భయపెట్టేంత పొడుగు పేరు గానీ, విడదీస్తే తేలికే. అక్యూట్ అంటే అకస్మాత్తుగా, ఇటీవల వచ్చినది. తీవ్రమైనదనే అర్థం దానికి లేదు. హెమరేజ్ రక్తస్రావం. కాప్సులో గాంగ్లియానిక్ అనేది మెదడు లోపలి భాగంలో ఒక చోటు పేరు. దీర్ఘకాలం బీపీ ఉన్నవారిలో సన్నని రక్తనాళాలు చిట్లే చోట్లలో ఇదొకటి, కాబట్టి ఇది కూడా పైన చెప్పిన కథకే సాక్ష్యం. మెదడు ఎడమ భాగం శరీరపు కుడివైపును నడిపిస్తుంది, అందుకే ఎడమ పక్క రక్తస్రావానికి కుడి చెయ్యి, కాలు దెబ్బతిన్నాయి. హెమిపరేసిస్ అంటే ఒక పక్క బలం తగ్గడం. బలం పూర్తిగా పోతే హెమిప్లీజియా అంటారు. మీ కాగితంలో మొదటి మాటే ఉంది.

ఆ బలం ఎంతో చెప్పే అంకెల్ని కూడా శాతాలుగా చదవకండి. కుడిచేతికి 2/5, కుడికాలికి 3/5 అని ఉంది. 2/5 అంటే నలభై శాతం బలమని కాదు. ఇవి మెట్లు. 0 అంటే కదలికే లేదు. 1 అంటే కండరం కాస్త అదురుతుంది గానీ అవయవం కదలదు. 2 అంటే మంచం మీద పక్కకు జరపగలరు, పైకి ఎత్తలేరు. 3 అంటే బరువుకు ఎదురుగా పైకి ఎత్తగలరు. 4 అంటే మనం కొంచెం అడ్డు పెట్టినా ఎత్తగలరు. 5 మామూలు బలం. అంటే ఆయన కాలు అప్పటికే పైకి లేస్తోంది. ఫిజియోథెరపీతో నిలబెట్టడానికి, నడిపించడానికి అది మంచి ఆధారం. చెయ్యి ఒక మెట్టు వెనకబడింది. లేపి కూర్చోబెట్టేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగకండి, పట్టులేని భుజం కీలు జారే ప్రమాదం ఉంది.

డిస్‌ఆర్థ్రియా అని ఇంకో మాట ఉంది. నాలుక, పెదవులు, గొంతు కండరాలు సరిగా ఆడక మాట ముద్దగా రావడం అది. భాష దెబ్బతింటే అఫేజియా అని రాసేవారు, అలా రాయలేదు. ఇంటికి పంపినప్పుడు జి.సి.ఎస్. 15 అని ఉంది. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి స్పృహకు ఇచ్చే కొలత అది. కనిష్ఠం 3, గరిష్ఠం 15. చేర్చినప్పుడు 13 ఉండేది. ఇప్పుడు పూర్తి స్పృహలో ఉన్నారు. ఈ రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: మాట తడబడుతున్నా మీరు మాట్లాడేది ఆయనకు అర్థమవుతోంది. బాబాయిగారి మాటలు ఆయన మంచం దగ్గర జరగకుండా చూడండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ఆశ వదిలేసిన మనిషి వ్యాయామానికి ఒప్పుకోడు.

"మేనేజ్‌డ్ కన్జర్వేటివ్‌లీ" అంటే ఆపరేషన్ చేయకుండా మందులతో, కనిపెట్టి చూస్తూ చికిత్స చేశారని. చేయవలసింది చేయకుండా వదిలేశారని అనుకోవద్దు. ఆయనకు చేరిన రక్తం 18 మిల్లీలీటర్లని స్కానింగ్‌లో ఉంది. అంత లోతున, ఆ పరిమాణంలో ఉన్నప్పుడు ఆపరేషన్ వల్ల సాధారణంగా అదనపు మేలు ఉండదు. చర్మం కింద కమిలిన రక్తం మెల్లగా పీల్చుకుపోయినట్టే, అదీ కొన్ని వారాల్లో కరిగిపోతుంది. మళ్లీ తీసే స్కానింగ్‌లో "రిజాల్వింగ్" అని వస్తే ఆ పని జరుగుతోందని అర్థం.

ఇప్పుడు స్టేబుల్, గార్డెడ్. ఈ రెండూ ఒకే కాగితంలో ఉండటం మీకు విరుద్ధంగా కనిపించింది. స్టేబుల్ అనేది ఇంటికి పంపిన రోజు సంగతి. నాడి, బీపీ, శ్వాస గంటగంటకూ మారిపోకుండా నిలకడగా ఉన్నాయని మాత్రమే అది చెబుతుంది. నయమైందని చెప్పదు. ప్రోగ్నోసిస్ ముందు సంగతి. ఇలాంటి జబ్బు, ఇలాంటి పరిస్థితి ఉన్నవారు ఇక మీదట ఎలా ఉండవచ్చో వైద్యుడు వేసే అంచనా. ఈ రోజు నిలకడగా ఉన్న మనిషి గురించి రేపటికి హామీ ఇవ్వలేకపోవడం వైద్యంలో రోజూ జరిగేదే.

ఆ అంచనా దేన్ని బట్టి వేస్తారు? మెదడు రక్తస్రావంలో మొదట ప్రాణం గురించి ఆలోచించేటప్పుడు చూసేవి ముఖ్యంగా ఐదు: వచ్చినప్పుడు స్పృహ ఎంత ఉంది, రక్తం 30 మిల్లీలీటర్లు దాటిందా, మెదడు లోపలి ద్రవపు గదుల్లోకి చేరిందా, మెదడు కింది వెనకభాగంలో జరిగిందా, వయసు 80 దాటిందా. మీ నాన్నగారికి స్పృహ 13. రక్తం 18 మిల్లీలీటర్లు. గదుల్లోకి చేరలేదని స్కానింగ్‌లో స్పష్టంగా రాశారు. జరిగినది పైభాగంలో. వయసు 63. ఐదింట్లో ఒక్కటీ ఆయనకు వ్యతిరేకంగా లేదు. ఈ లెక్క మొదటి రోజుల అంచనాకు మాత్రమే, ఇంట్లో కూర్చుని జాతకం చూసుకోవడానికి కాదు. అయినా బాబాయిగారి మాటకు ఈ కాగితంలో ఆధారం లేదని చెప్పడానికి ఇది చాలు.

అయితే గార్డెడ్ ఎందుకు? ప్రోగ్నోసిస్‌లో రెండు ప్రశ్నలు దాగి ఉంటాయి. ప్రాణం నిలుస్తుందా అన్నది ఒకటి. చెయ్యి, కాలు, మాట, మింగడం ఎంతవరకు తిరిగి వస్తాయి అన్నది రెండోది. చాలా కాగితాల్లో ఏ ప్రశ్నకు జవాబో రాయరు, అక్కడే కుటుంబాలు నలిగిపోతాయి. నేను చదివినంతలో మీ నాన్నగారి విషయంలో అనిశ్చితి ఎక్కువగా రెండోదాని గురించే. చెయ్యి ఎంత కోలుకుంటుందో రెండో వారంలో ఎవరూ చెప్పలేరు. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తరవాత నెమ్మదిగా సాగుతుంది. దీనికి తోడు ఆయన ఇంకా గొట్టం ద్వారానే ఆహారం తీసుకుంటున్నారు. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. బీపీ అదుపు తప్పితే మళ్లీ రక్తస్రావం కావచ్చు. ఈ ప్రమాదాలు ఉన్నంతకాలం జాగ్రత్తగల వైద్యుడు గుడ్ అని రాయడు. అయితే నేను చూసింది కాగితాన్ని, రోగిని చూడలేదు. కాబట్టి మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు మీ వైద్యుణ్ణి సూటిగా అడగండి: "గార్డెడ్ అన్నది ప్రాణం గురించా, చెయ్యి కాలు గురించా? ఏది మెరుగుపడితే మీరు ఆ మాట మారుస్తారు?" రెండో ప్రశ్నకు వచ్చే జవాబే ఇంట్లో మీరు చేయవలసిన పని.

ఆర్.టి. ఫీడ్స్ అంటే ముక్కు ద్వారా వేసిన ఆ గొట్టంలో ఇచ్చే ద్రవాహారం. ఇచ్చేటప్పుడు, ఇచ్చాక కనీసం అరగంట తల వైపు ఎత్తుగా ఉంచండి. మింగడం పరీక్షించి సరేననేదాకా నోటితో ఒక్క చెంచా నీళ్లు కూడా వద్దు. అడుగుతున్నారు కదా అని జాలిపడి పోసే నీళ్లే ఎక్కువ ప్రమాదం.

మందుల పట్టికలో ఓ.డి. అంటే రోజుకొకసారి, బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. ఇవి తేలిక. ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. కాగితం పైన సి.వి.ఏ. అని ఉంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా అదే పేరు, నాళం చిట్లినా అదే పేరు. గడ్డ అడ్డుపడితే రక్తం పలచబడటానికి ఆస్పిరిన్ లాంటివి ఇస్తారు. చిట్లినవారికి అవే హాని చేయవచ్చు. "మా ఇంట్లో పక్షవాతం వచ్చినవారికి ఈ మాత్ర ఇచ్చారు" అని ఎవరైనా తెచ్చిస్తే వేయకండి. పంటి నొప్పికో జ్వరానికో వేరే వైద్యుడి దగ్గరికి వెళ్లినా, "మెదడులో రక్తస్రావం జరిగింది" అని ముందే చెప్పి, హెమరేజ్ అన్న పంక్తిని వేలుపెట్టి చూపించండి.

చివరి పంక్తి "రివ్యూ ఆఫ్టర్ వన్ వీక్ అండ్ ఎస్.ఓ.ఎస్." అని ఉంది. వారం తరవాత రమ్మని, అవసరమైతే అంతకుముందే రమ్మని. ఆ అవసరం ఏమిటో కాగితంలో రాయలేదు, నేను రాస్తున్నాను. ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి, వాంతులు, పిలిస్తే పలకనంత మత్తు, మూర్ఛ, ఎడమవైపు కూడా బలం తగ్గడం, ఇప్పటిదాకా లేస్తున్న కాలు లేవకపోవడం, దగ్గుతో జ్వరం గానీ ఆయాసం గానీ. వీటిలో ఏది కనిపించినా రాత్రైనా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకుండా బీపీ పై అంకె ఒక్కటే 180 దాటితే, ఐదు నిమిషాలాగి మళ్లీ కొలవండి. అప్పుడూ అలాగే ఉంటే ఇంట్లో అదనంగా మాత్ర వేయకుండా, ఆలస్యం చేయకుండా వైద్యుడికి ఫోను చేయండి.